పద్దెనిమిది పల్లెలు, మూడు పత్రాలు: తీరప్రాంత అనుకూలనంపై పూర్వ పరిశోధనల సమీక్ష రాయడం ఎలా?

(పరిశోధక విద్యార్థుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం.

మీలో చాలామంది తీరప్రాంతాల మీద పనిచేస్తున్నారు. కొందరు ఉప్పాడ కోత మీద, కొందరు కృష్ణా డెల్టాలో చౌడు పెరగడం మీద, కొందరు మత్స్యకార పల్లెల వలసల మీద. అందరికీ సిద్ధాంత గ్రంథంలో రెండో అధ్యాయం ఒకటే: పూర్వ పరిశోధనల సమీక్ష. ‘తీరప్రాంత ప్రజలు వాతావరణ మార్పులకు ఎలా అనుకూలనం చెందుతున్నారు’ అన్న శీర్షిక పెట్టుకుని మొదలుపెడితే ఆ అధ్యాయం ఎప్పటికీ పూర్తికాదు. ఆ శీర్షిక కింద కరకట్టలూ వస్తాయి, తుపాను షెల్టర్లూ వస్తాయి, ఉప్పును తట్టుకునే వరి వంగడాలూ వస్తాయి, ఊరు ఖాళీ చేసి వెళ్లిపోవడమూ వస్తుంది. అందుకే ఈ రోజు ఒక చిన్న ప్రశ్ననే తీసుకుంటాను. సముద్రానికీ ఊరికీ మధ్య మడ అడవి ఉంటే ప్రాణనష్టం తగ్గుతుందా? మన తూర్పు తీరంలో దీనికి ఏ ఆధారాలున్నాయి?

ఈ ప్రశ్నను ఎంచుకోవడానికి కారణం ఉంది. జవాబు అందరికీ ముందే తెలుసనిపిస్తుంది. కోరంగి దగ్గర ఏ పెద్దవారిని అడిగినా మడ కాపాడుతుందనే చెబుతారు. ప్రభుత్వ నివేదికలూ అదే చెబుతాయి. అందరూ ఒప్పుకున్న మాటనే సమీక్షలో మరింత జాగ్రత్తగా పరిశీలించాలి. ఎందుకంటే అలాంటి మాటకు ఆధారం ఎక్కడుందో ఎవరూ వెనక్కి వెళ్లి చూడరు.

ముందు వెతకడం గురించి. మీరు డేటాబేస్‌లో ‘వాతావరణ మార్పు’, ‘అనుకూలనం’, ‘మడ అడవులు’ అన్న మూడు మాటల ఇంగ్లీషు పదాలు కలిపి వెతికారనుకుందాం. ఈ విషయంలో మనకు అత్యంత ముఖ్యమైన పత్రం మీకు దొరకకుండా పోతుంది. సౌదామిని దాస్, జెఫ్రీ విన్సెంట్ 2009లో అమెరికా జాతీయ సైన్సెస్ అకాడమీ పత్రికలో ప్రచురించిన అధ్యయనం అది. 1999 అక్టోబరులో ఒడిశాను ముంచిన పెను తుపానులో, కేంద్రపడా జిల్లాలోని వందలాది గ్రామాల్లో ఎవరెక్కడ చనిపోయారో, ఆ గ్రామానికీ సముద్రానికీ మధ్య మడ ఎంత వెడల్పున ఉందో పక్కపక్కన పెట్టి లెక్కగట్టారు. ఆ పత్రం సారాంశంలో వాతావరణ మార్పు అన్న మాట లేదు. అనుకూలనం అన్న మాటా లేదు. అది తుపాను నుంచి రక్షణ గురించి మాట్లాడుతుంది. మన విషయానికి కావలసిన పాత పరిశోధన చాలావరకు ఇలాగే వేరే పేర్లతో ఉంటుంది: విపత్తు నివారణ, తీర రక్షణ, జీవనోపాధులు. ‘అనుకూలనం’ అన్న మాట తర్వాత ప్రచారంలోకి వచ్చింది. పని మాత్రం అంతకుముందే జరుగుతోంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఆ రాష్ట్రం పేరు ఇంగ్లీషులో 2011లో మారింది. 2009 పత్రంలో పాత పేరే ఉంటుంది. కొత్త పేరుతో మాత్రమే వెతికితే 2011కు ముందటి పనిలో చాలా భాగం కనబడదు. జిల్లా పేరును కూడా ఒక్కొక్కరు ఒక్కో విధంగా రాశారు. కాబట్టి వెతికే వాక్యం ఇలా ఉండాలి:

```
TITLE-ABS-KEY ( mangrove*
  AND ( cyclone* OR "storm surge" OR tsunami )
  AND ( protect* OR mortality OR death* OR damage* )
  AND ( Odisha OR Orissa OR Andhra OR Godavari
        OR Krishna OR "Tamil Nadu" ) )
```

ఇది స్కోపస్ డేటాబేస్‌లో పనిచేసే రూపం. మొదటి మాట చూడండి. శీర్షికలో, సారాంశంలో, కీలక పదాల్లో మాత్రమే వెతకమని చెబుతున్నాం. అలా పరిమితి పెట్టకుండా వెతికితే, కృష్ణ అన్న పేరున్న ప్రతి రచయితా మీ జాబితాలోకి వచ్చేస్తారు. మన నదుల పేర్లతో పనిచేసేవారికి ఇది తప్పదు. ఈ వాక్యాన్ని, వెతికిన తేదీని, ఎన్ని పత్రాలు వచ్చాయో ఆ సంఖ్యను అదే రోజు ఒక పట్టికలో రాసిపెట్టుకోండి. ఆరు నెలల తర్వాత గుర్తుండదు. పరీక్షకుడు అడిగేది మాత్రం సరిగ్గా దాన్నే.

డేటాబేస్ తర్వాత ఒక మంచి పత్రాన్ని పట్టుకుని రెండు వైపులా నడవాలి. అది ఎవరిని ఉటంకించిందో చూస్తే వెనక్కి వెళతారు. దాన్ని ఎవరు ఉటంకించారో చూస్తే ముందుకు వస్తారు. ఇప్పుడు చెప్పబోయే కథ నాకు అలా ముందుకు నడిచినప్పుడే దొరికింది. నిజానికి చాలా ఆలస్యంగా దొరికింది. నేను మొదట రాసిన సమీక్షలో మడ రక్షణపై మూడు ఆధారాలున్నాయని రాశాను. ఆ మూడూ ఒకే ఆధారమని తర్వాత తెలిసింది. ఆ పొరపాటు మీరు చేయకూడదన్నదే ఈ ప్రసంగానికి అసలు కారణం.

2004 డిసెంబరు 26న సునామీ వచ్చింది. తమిళనాడులో పరంగిపేట్టై తీరం వెంబడి ఉన్న 18 మత్స్యకార పల్లెలను కతిరేశన్, రాజేంద్రన్ పరిశీలించి 2005లో ఒక పత్రం ప్రచురించారు. ప్రతి పల్లెకూ నాలుగు వివరాలు సేకరించారు. సముద్రం నుంచి దూరం ఎంత, నేల ఎంత ఎత్తున ఉంది, ముందున్న చెట్ల విస్తీర్ణం ఎంత, నష్టం ఎంత. మడ అడవులు సునామీ దెబ్బను తగ్గించాయన్నది వారి నిర్ణయం. ఆ మాట ప్రపంచమంతా పాకింది. ఎన్నో నివేదికలు దాన్ని ఎత్తి రాసుకున్నాయి.

మరుసటి ఏడాది అదే పత్రికలో కెర్, బెయిర్డ్, క్యాంప్‌బెల్ అన్న ముగ్గురు ఒక వ్యాఖ్య రాశారు. వారు కొత్తగా ఏ ఊరికీ వెళ్లలేదు. అదే పట్టికను మళ్లీ లెక్కగట్టారు. వారు అడిగిన ప్రశ్న ఇది: సముద్రం నుంచి ఒకే దూరంలో, ఒకే ఎత్తులో ఉన్న రెండు పల్లెలను తీసుకుంటే, చెట్లు ఎక్కువున్న పల్లెలో మరణాలు తగ్గాయా? లేదు, తగ్గలేదని వారు తేల్చారు. దూరం, ఎత్తు లెక్కలోకి తీసుకున్నాక చెట్ల వల్ల అదనంగా తేలిందేమీ లేదన్నారు. ఇది ఎందుకు జరుగుతుందో మనకు చూడగానే తెలుస్తుంది. ఇసుక మీద, అలల అంచున ఉన్న పల్లె ముందు మడ ఉండదు. మడ ఉన్న పల్లె సహజంగానే లోపలికి, కాలువల వెనక ఉంటుంది. అక్కడ జనం బతికితే, చెట్లు కాపాడాయా, దూరం కాపాడిందా? 18 పల్లెలతో ఈ రెండింటినీ విడదీయడం చాలా కష్టం.

తర్వాత అదే ఏడాది మరో ఇద్దరు అవే అంకెలను ఇంకో పద్ధతిలో చూసి, మడకు మద్దతుగా ఇంకో జవాబు రాశారు. అంటే మొత్తం మూడు పత్రాలు. వాటి కింద ఉన్నది 18 పల్లెల ఒకే పట్టిక. సమీక్షకుడు మూడింటినీ విడివిడిగా లెక్కపెట్టి ‘రెండు పత్రాలు సమర్థించాయి, ఒకటి వ్యతిరేకించింది’ అని రాస్తే, అది ఓట్ల లెక్కింపు అవుతుంది. ఒకే మనిషి మూడుసార్లు ఓటు వేసిన ఎన్నిక అది.

అందుకే మీ పట్టికలో వరుసకు ఒక పత్రం అన్న అలవాటు మానుకోండి. వరుసకు ఒక చోట, ఒక సంఘటన పెట్టండి. పరంగిపేట్టై, 2004 సునామీ ఒక వరుస. దాని మీద రాసిన పత్రాలన్నీ ఆ వరుసలోనే ఉంటాయి. కేంద్రపడా, 1999 తుపాను ఇంకో వరుస. ఇలా మార్చగానే మీ జాబితాలోని ఎన్నో పత్రాలు కొద్ది వరుసలుగా కుదించుకుపోతాయి. భయపడకండి. మీకు నిజంగా ఉన్న ఆధారం అంతే.

ఇప్పుడు ఎంపిక. దొరికిన ప్రతిదీ చదవనక్కర్లేదు. నేను సారాంశం చదివేటప్పుడు రెండే ప్రశ్నలు వేసుకుంటాను. అక్కడ ఎవరో ఏదో చేశారా, లేక ఏదో ఒకటి అప్పటికే ఉందా? దాని ఫలితాన్ని తర్వాత ఎవరైనా కొలిచారా? మన తీరం మీద వచ్చిన పరిశోధనలో చాలా భాగం ఈ రెండో ప్రశ్న దగ్గర ఆగిపోతుంది. ఉపగ్రహ చిత్రాలతో తీరాన్ని ముక్కలు చేసి, ఏ ముక్కకు ముప్పు ఎక్కువో రంగులు వేసి చూపించే పటాలు ఆంధ్ర తీరానికి బాగానే ఉన్నాయి. అవి విలువైన పని. కానీ అవి ముప్పు ఎక్కడుందో చెబుతాయి. ముప్పును తట్టుకోవడానికి చేసిన పని ఫలించిందా అన్నది వాటి ప్రశ్న కాదు. వాటిని మీ నేపథ్య భాగంలో వాడండి. ఆధారాల పట్టికలో కలపకండి.

ఇది మన తీరానికే ఉన్న లోటు కాదు. 2021లో బెరాంగ్-ఫోర్డ్, ఆమె సహచరులు ప్రపంచవ్యాప్తంగా అనుకూలనంపై వచ్చిన పరిశోధనను జల్లెడ పట్టారు. 48 వేలకు పైగా పత్రాలు చూసి చివరికి 1,682 ఉంచుకున్నారు. జనం ఏం చేస్తున్నారన్న వివరాలు వాటిలో పుష్కలంగా దొరికాయి. చేసిన పని వల్ల ముప్పు తగ్గిందన్న ఆధారం మాత్రం చాలా తక్కువ కనిపించింది. మీ జల్లెడలో కొద్దిగానే మిగిలితే, మీరు తప్పుచేశారని అనుకోకండి. తీసేసిన ప్రతి పత్రం పక్కన ఎందుకు తీసేశారో నాలుగు మాటల్లో రాయండి. ‘సంబంధం లేదు’ అని రాస్తే సరిపోదు. ‘ముప్పు పటం మాత్రమే, ఫలితం కొలవలేదు’ అని రాయాలి.

పత్రికల్లో రానివాటి సంగతి కూడా చెప్పాలి. అటవీశాఖ నివేదికలు, స్వచ్ఛంద సంస్థల ప్రాజెక్టు నివేదికలు, శోధ్‌గంగలో ఉన్న సిద్ధాంత గ్రంథాలు. మన తీరం గురించిన సమాచారం చాలావరకు వీటిలోనే ఉంది. ఉదాహరణకు, కృష్ణా, గోదావరి మొగల దగ్గర క్షీణించిన మడను తిరిగి పెంచడానికి చేప ముల్లు ఆకారంలో కాలువలు తవ్వి ఆటుపోట్ల నీరు లోపలికి వెళ్లేలా చేశారు. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ ఇందులో పనిచేసింది. ఇలాంటి పని వివరం ప్రాజెక్టు నివేదికల్లో దొరికినంతగా పత్రికల్లో దొరకదు. అయితే నివేదిక చదివేటప్పుడు ఒక్కటి చూడండి: లెక్క ఎక్కడ ఆగింది? నాటిన మొక్కలు ఎన్నో చెప్పి ఆగిందా, కొన్నేళ్ల తర్వాత నిలిచినవి ఎన్నో చెప్పిందా? మొదటిది ఖర్చు లెక్క. రెండోదే ఫలితం లెక్క. రెండూ పట్టికలో ఒకే గడిలో పడకూడదు.

ఇక సంశ్లేషణకు వద్దాం. విడివిడిగా ఉన్నవాటిని కలిపి ఒక అర్థం తీయడం. ఇక్కడ చాలామంది విద్యార్థులు పత్రాలను సంవత్సరాల వరుసలో పేర్చి, ఒక్కోదానికి ఒక్కో వాక్యం రాస్తారు. చదివేవారికి ఫలానావారు ఇలా అన్నారు, ఫలానావారు అలా అన్నారు అన్నదే మిగులుతుంది. అలా కాకుండా, రెండు ఫలితాలు ఎందుకు వేరుగా వచ్చాయో వివరించే కారణం వెతకాలి.

పరంగిపేట్టైలో ఫలితం సందిగ్ధంగా ఉంది. కేంద్రపడాలో స్పష్టంగా వచ్చింది: మడ వెడల్పు ఎక్కువున్న గ్రామాల్లో మరణాలు తక్కువ. ఎందుకీ తేడా? మొదటి కారణం లెక్కలో ఉంది. దాస్, విన్సెంట్ దగ్గర పద్దెనిమిది కాదు, వందల గ్రామాలున్నాయి. అంతేకాదు, మడ పూర్వం ఎంతవరకు ఉండేదన్నది కూడా లెక్కలో పెట్టారు. అది చాలా తెలివైన పని. ఒకప్పుడు మడ పెరిగిన చోటు అంటేనే ఒక రకమైన నేల, ఒక రకమైన వాలు. పూర్వం రెండు ఊళ్ల ముందూ మడ ఉండి, ఇప్పుడు ఒకదాని ముందే మిగిలితే, అప్పుడు పోలిక చోటు గురించి కాక చెట్టు గురించి అవుతుంది. పరంగిపేట్టై పట్టికలో లేనిది ఇదే.

రెండో కారణం నీటిలో ఉంది. సునామీ వేరు, ఉప్పెన వేరు, గాలికి లేచే అల వేరు. మన భాషలో ఉప్పెన అన్న మాట ముందునుంచీ ఉంది, దాన్ని వాడేటప్పుడు మనం అలతో కలపం. చాలా నివేదికలు మాత్రం మూడింటినీ ఒకే గాటన కట్టేస్తాయి. మెకైవర్, ఆమె సహచరులు 2012లో అందుబాటులో ఉన్న కొలతలను సమీక్షించారు. గాలి అలల ఎత్తును 100 మీటర్ల మడ 13 నుంచి 66 శాతం వరకు తగ్గిస్తుంది. ఉప్పెన నీటి మట్టాన్ని తగ్గించడానికి మాత్రం కిలోమీటర్ల వెడల్పు కావాలి. కిలోమీటరుకు తగ్గేది 5 నుంచి 50 సెంటీమీటర్లే. 1977 నవంబరులో దివిసీమ మీద పడిన ఉప్పెన అయిదు మీటర్ల పైచిలుకు. అలాంటి ఉప్పెన ముందు కిలోమీటరు మడ ఉంటే, ఎంత బాగా పనిచేసినా తగ్గేది అర మీటరు. అర మీటరు తక్కువేమీ కాదు, ఒక ఇంట్లో నీళ్లు గొంతు దాకా రావడానికీ తల మీదుగా పోవడానికీ మధ్య తేడా అంతే. కానీ ‘మడ ఉంది కాబట్టి ఊరు సురక్షితం’ అని రాయడానికి ఆ అంకె చాలదు.

కేంద్రపడా పత్రంలోనే ఇంకో మాట ఉంది. దాన్ని ఉటంకించేవారు చాలామంది వదిలేస్తారు. ప్రభుత్వం ముందుగా చేసిన హెచ్చరిక మడ కంటే ఎక్కువ ప్రాణాలను కాపాడిందని వారే రాశారు. అలాగే ఆ పత్రం మీద కూడా ప్రశ్న లేచింది. అదే ఏడాది బెయిర్డ్, మరికొందరు, మడ ఉప్పెనకు నిజంగా అడ్డుకట్ట వేస్తుందా అని అడుగుతూ అదే పత్రికకు లేఖ రాశారు. రచయితలు జవాబిచ్చారు. లేఖ, జవాబు రెండూ చదవకుండా ఆ పత్రాన్ని ఉటంకించవద్దు. పత్రం పేజీలో సవరణ ప్రకటన ఏదైనా ఉందేమో కూడా ప్రతిసారీ చూడండి.

ఇప్పుడు పేరా ఎలా ఉండాలో చదివి వినిపిస్తాను. “మన తూర్పు తీరంలో మడ అడవి తుపాను మరణాలను తగ్గించిందనడానికి బలమైన ఆధారం ఒక జిల్లా నుంచి, ఒక తుపాను నుంచి వచ్చింది. అక్కడ గ్రామాల సంఖ్య పెద్దది, పూర్వపు మడ విస్తీర్ణాన్ని లెక్కలోకి తీసుకున్నారు. సునామీ విషయంలో తరచుగా ఉటంకించే ఆధారం 18 పల్లెలకు పరిమితం. దూరం, ఎత్తుల ప్రభావాన్ని విడదీస్తే ఆ ఆధారం నిలుస్తుందా అన్నది వివాదంలో ఉంది. ఈ తేడాకు నమూనా పరిమాణంతోపాటు సునామీకీ ఉప్పెనకూ ఉన్న స్వభావ భేదం కూడా కారణం కావచ్చు. కాబట్టి కృష్ణా, గోదావరి డెల్టాలకు ఈ ఫలితాన్ని అన్వయించేటప్పుడు మడ వెడల్పును, ఉప్పెన ఎత్తును చెప్పకుండా ‘రక్షణ’ అనే మాటను వాడలేం.” చూశారా, ఇందులో పత్రాల పేర్లు వాక్యాలకు కర్తలు కావు. చోటు, సంఘటన, కారణం కర్తలు. పేర్లు బ్రాకెట్లలోకి వెళతాయి.

పట్టికలో ఇంకొక్క నిలువు వరుస పెట్టండి: పని జరిగాక ఎన్నేళ్లకు కొలిచారు? దీని విలువ నాకు బంగ్లాదేశ్ పరిశోధన చదివినప్పుడు తెలిసింది. 1960లలో అక్కడి డెల్టాలో ఊళ్ల చుట్టూ కరకట్టలు కట్టారు. ఉప్పునీరు రాలేదు, వరి పండింది. మొదటి ఏళ్లలో కొలిచినవారు అది విజయమనే రాస్తారు. కానీ కట్ట నీటితోపాటు ఒండ్రునూ ఆపేసింది. 32వ నంబరు కరకట్ట లోపలి నేల, పక్కనే ఉన్న సుందరబన్స్ అడవి నేల కంటే ఒకటి నుంచి ఒకటిన్నర మీటర్లు కిందికి ఉందని 2015లో ఆవర్‌బాక్, మరికొందరు చూపించారు. 2009లో ఐలా తుపానుకు ఆ కట్ట తెగింది. లోపలి పల్లపు నేల దాదాపు రెండేళ్లు ఆటుపోట్లకు మునుగుతూ తేలుతూ ఉండిపోయింది. ఆ రెండేళ్లలో వచ్చిన నీరే పదుల సెంటీమీటర్ల ఒండ్రును తెచ్చి వేసింది. అయిదో ఏట కొలిచిన పత్రం, యాభయ్యో ఏట కొలిచిన పత్రం రెండూ నిజమే చెబుతున్నాయి. కాలం వరుస లేకపోతే మీరు వాటిని పరస్పర విరుద్ధాలని రాసేస్తారు.

ఇక మీ ప్రశ్నలు.

(ఒక విద్యార్థిని: మేడమ్, నా పని అంతా ఇంటర్వ్యూలు. మత్స్యకార మహిళలు చెప్పిన మాటలు. మీరు చెప్పిన పట్టికలో వాటికి చోటు ఎక్కడ?)

మంచి ప్రశ్న అడిగావమ్మా. వాటికి చోటు ఉంది, అయితే వేరే ప్రశ్న కింద. మడ వల్ల మరణాలు ఎంత తగ్గాయో ఇంటర్వ్యూ చెప్పలేదు. చెప్పించే ప్రయత్నమూ చేయకూడదు. కేంద్రపడా లెక్కలో హెచ్చరిక ఎక్కువ ప్రాణాలు కాపాడిందన్నారు కదా. మరి హెచ్చరిక విన్నాక కూడా కొందరు ఇల్లు ఎందుకు కదలలేదు? పడవా వలా వదిలి వెళితే తిరిగి వచ్చేసరికి ఏమవుతుందన్న భయమా, షెల్టర్‌లో ఆడవాళ్లకు మరుగు లేకపోవడమా, పోయినసారి హెచ్చరించినా తుపాను రాలేదన్న అపనమ్మకమా? ఏ ఉపగ్రహ చిత్రంలోనూ ఇది కనబడదు. దీన్ని నీలాంటివారి ఇంటర్వ్యూలే చెప్పాలి. కాబట్టి రెండు పట్టికలు పెట్టుకో. ఒకటి ‘ఎంత’ అన్నదానికి, రెండోది ‘ఎందుకు’ అన్నదానికి. రెండో పట్టికలో ఎవరు మాట్లాడారో, ఏ భాషలో అడిగారో, సంఘటన జరిగిన ఎన్నాళ్లకు అడిగారో రాయి. మగవారి సంఘం పెద్దలనే అడిగిన అధ్యయనానికీ, చేపలు ఎండబెట్టే మహిళలను విడిగా కూర్చోబెట్టి అడిగిన అధ్యయనానికీ జవాబులు వేరుగా ఉంటే ఆశ్చర్యపోకు. ఆ తేడా ఎక్కడ వచ్చిందో, ఏ ఊళ్లో వచ్చిందో ఒక పేరాగా రాయి. మొదటి పట్టికలోని అదే ఊరి వరుస పక్కన ఆ పేరాను పెట్టు.